ఒత్తిడిలో ఇచ్చిన మాట: స్మృతుల నుంచి మద్రాసు హైకోర్టు 1917 తీర్పు వరకు ఒక పరిశీలన

సారాంశం

ఇచ్చిన మాట మనిషిని ఎందుకు బంధిస్తుంది, బెదిరింపుకు లొంగి ఇచ్చిన మాట కూడా అదే విధంగా బంధిస్తుందా అన్నవి ధర్మశాస్త్రానికీ ఆధునిక న్యాయశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్నలు. మను, యాజ్ఞవల్క్య స్మృతులు ఈ విషయంలో చెప్పిన నియమాలను, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చెప్పిన నియమాలతో పోల్చి, మద్రాసు హైకోర్టు 1889, 1917 సంవత్సరాలలో ఇచ్చిన రెండు తీర్పుల ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది. మాట ఇచ్చిన వ్యక్తి ఎంత భయపడ్డాడన్న దానికంటే, ఆ మాట ఆధారంగా హక్కు కోరుతున్న వ్యక్తి ఆ హక్కును ఏ దారిన పొందాడన్నదే ఈ చర్చలో నిర్ణాయకమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వాగ్దానం, బలప్రయోగం, స్వేచ్ఛా సమ్మతి, యాజ్ఞవల్క్య స్మృతి, కాంట్రాక్టు చట్టం, మద్రాసు హైకోర్టు, ఆత్మహత్య బెదిరింపు.

1. ఉపోద్ఘాతం

ఆడినమాట తప్పరాదన్న భావన తెలుగు సమాజంలో ప్రధానంగా పురాణేతిహాసాల ద్వారా స్థిరపడింది. బలి చక్రవర్తి, దశరథుడు, హరిశ్చంద్రుడు ఇందుకు సాధారణంగా చూపే ఉదాహరణలు. ఈ కథలను ఆధారం చేసుకొని, ఏ స్థితిలో ఇచ్చిన మాటైనా నిలబెట్టుకోవలసిందేనని మన సంప్రదాయం చెబుతున్నదని అనుకోవడం పరిపాటి. అయితే ఆ కథలు నిజంగా ఆ మాట చెబుతున్నాయా అన్నది ముందుగా చూడవలసి ఉంది.

భాగవతం అష్టమ స్కంధంలో బలి వామనునికి మూడడుగుల నేల ఇస్తానన్నప్పుడు అతన్ని ఎవరూ బెదిరించలేదు. వచ్చినవాడు విష్ణువని గురువైన శుక్రాచార్యుడు హెచ్చరించి, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలలో అసత్యం దోషం కాదని కూడా చెప్పాడు. బలి ఆ మినహాయింపును వాడుకోలేదు. అక్కడ యాచకుడు తన అసలు రూపాన్ని దాచాడన్న చర్చకు తావుంది గాని, బలప్రయోగం జరిగిందన్న చర్చకు తావు లేదు.

దశరథుని కథ ఇంకొంచెం చిక్కైనది. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో కైకేయి వరాలు తీర్చకపోతే విషం తాగి చనిపోతానని దశరథుని బెదిరిస్తుంది. పైకి చూస్తే ఇది ఒత్తిడికి లొంగి ఇచ్చిన మాటగా కనిపిస్తుంది. కాని ఆ రెండు వరాలు పూర్వం దేవాసుర యుద్ధంలో తన ప్రాణాలు కాపాడినందుకు దశరథుడు తానై ఇచ్చినవి. బెదిరింపు వచ్చింది మాట ఇచ్చేటప్పుడు కాదు, తీర్చేటప్పుడు. స్వేచ్ఛగా ఇచ్చిన మాటను తీర్చమని ఒత్తిడి చేయడం వేరు; ఒత్తిడి చేసి మాట పుట్టించడం వేరు. మొదటి దానిలో బాధ్యత ఒత్తిడి కంటే ముందే ఉన్నది. రెండవ దానిలో బాధ్యతకు మూలమే ఒత్తిడి. ఈ భేదాన్ని గుర్తించకపోతే దశరథుని కథతో నిరూపించలేని సిద్ధాంతాన్ని ఆ కథకు అంటగట్టినట్లవుతుంది.

రెండవ రకం మాటకు మహాభారతంలో స్పష్టమైన ఉదాహరణ ఉంది. కర్ణపర్వంలో సత్యాసత్యాల గురించి కృష్ణుడు అర్జునునికి బోధించే సందర్భంలో, దొంగల చేత చిక్కినవాడు ఒట్టు వేసి బయటపడగలిగితే ఆ ఒట్టు అసత్యమైనా మేలేనని చెబుతాడు. సత్యాన్ని అంతగా కీర్తించిన గ్రంథమే దొంగకు ఇచ్చిన మాటను సత్యధర్మం పరిధి నుంచి తప్పించింది. ఎందుకు తప్పించింది అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

2. మాట ఎందుకు బంధిస్తుంది?

ఈ ప్రశ్నకు ప్రధానంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది సంకల్పానికి సంబంధించినది. మనిషి తన భవిష్యత్తును తానే ఒక దిక్కుకు కట్టుకున్నాడు. ఎవరూ కట్టలేదు కనుక ఆ కట్టు అతనిదే, దాన్ని గౌరవించవలసిన బాధ్యతా అతనిదే. రెండవది నమ్మకానికి సంబంధించినది. మాట విన్నవాడు దాన్ని నమ్మి తన పనులు మార్చుకున్నాడు. వేరే దారి వదులుకున్నాడు. ఇప్పుడు మాట తప్పితే అతనికి నష్టం.

ఒత్తిడిలో ఇచ్చిన మాట ఈ రెండు సమాధానాలనూ పరీక్షకు నిలబెడుతుంది. ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్ 1651లో ప్రచురించిన లెవయథాన్‌లో మొదటి సమాధానాన్ని చివరి దాకా తీసుకుపోయాడు. దొంగకు డబ్బిస్తానని చెప్పి ప్రాణం దక్కించుకున్నవాడు కూడా ఎంచుకున్నవాడే. ప్రాణానికీ డబ్బుకూ మధ్య ప్రాణాన్ని ఎంచుకున్నాడు. భయం అతని ఎంపికకు కారణమైంది తప్ప ఎంపికను లేకుండా చేయలేదు. కాబట్టి ప్రభుత్వమూ చట్టమూ లేని స్థితిలో ఆ మాట కూడా బంధిస్తుందనీ, చట్టం విడుదల చేసినప్పుడే ఆ బంధం పోతుందనీ హాబ్స్ వాదన.

ఈ వాదనను తేలికగా తోసివేయడం సాధ్యం కాదు. అప్పులవాళ్ల బాధ పడలేక భూమి అమ్ముకున్న రైతు ఒత్తిడిలోనే సంతకం చేస్తాడు. జబ్బుపడిన బిడ్డ వైద్యానికి నగలు కుదువపెట్టిన తల్లీ అంతే. భయమో అవసరమో ఉన్న ప్రతి మాటా చెల్లదంటే లోకంలో చెల్లే మాటలు కొద్దిగానే మిగులుతాయి. పైగా అవసరంలో ఉన్నవాడితో ఎవరూ ఒప్పందానికి రారు; ఆ నష్టం మొదట తగిలేది అతనికే.

రెండవ సమాధానమూ ఒంటరిగా నిలవదు. దొంగ కూడా నమ్ముతాడు. నమ్మే బందీని వదిలిపెడతాడు. నమ్మకమే మాటకు బలమైతే దొంగ నమ్మకానికి లోపమేమిటి? ఆ నమ్మకం పెట్టుకునే అర్హత అతనికి లేదన్నదే దీనికి జవాబు. అతడు చేసిన తప్పే అతని హక్కుకు పునాది కాకూడదు. అంటే మాట ఇచ్చినవాని మనసును మాత్రమే కాక, మాట పుచ్చుకున్నవాని అర్హతను కూడా చూడాలి. భారతీయ స్మృతికారులు ఈ రెండు చూపులనూ విడివిడిగా గుర్తించడం గమనించదగిన అంశం.

3. స్మృతుల నిర్ణయం

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో బలవంతంగా ఇప్పించినది, బలవంతంగా అనుభవించినది, బలవంతంగా రాయించినది ఇవన్నీ చేయనివాటితో సమానమని ఒక నియమం ఉంది. ఇక్కడ చూపు బలం ప్రయోగించినవానిపైన ఉంది. బాధితుడు ఎంత భయపడ్డాడు, అతని స్థానంలో ధైర్యవంతుడైతే లొంగేవాడా అన్న ప్రశ్నలు ఆ నియమంలో లేవు. బలం వాడారా లేదా అన్నదే ప్రశ్న.

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం ఈ విషయాన్ని రెండుగా విడదీసింది. బలం చేతగాని మోసం చేతగాని జరిగిన వ్యవహారాలను రాజు రద్దు చేయాలని ఒక శ్లోకం చెబుతుంది. వెంటనే వచ్చే శ్లోకం మత్తులో ఉన్నవాడు, పిచ్చివాడు, రోగి, ఆపదలో ఉన్నవాడు, బాలుడు, భయపడినవాడు మొదలైనవారు చేసిన వ్యవహారం సిద్ధించదని చెబుతుంది. మొదటి శ్లోకం ఎదుటివాడు చేసిన పనిని చూస్తుంది. రెండవది చేసినవాని స్థితిని చూస్తుంది. అదే అధ్యాయంలో పత్రాల గురించి చెప్పేటప్పుడు, స్వహస్తంతో రాసిన పత్రానికి సాక్షులు లేకపోయినా అది ప్రమాణమే అని అంగీకరించి, బలంతోనో మోసంతోనో రాయించినదానికి మాత్రం ఆ ప్రామాణ్యం లేదన్నారు. చేతిరాత ఎవరిదో నిరూపించినంత మాత్రాన ఆ రాత వెనుక ఉన్న మనసు ఎవరిదో నిరూపించినట్లు కాదన్న వివేకం ఇందులో ఉంది.

ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య దక్షిణాదిన వ్యవహార ధర్మానికి ప్రధాన ఆధారమైంది. పదమూడవ శతాబ్దిలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అంటే ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా ఉన్న ధర్మవిచారం కథా వాఙ్మయానికి సమాంతరంగా తెలుగులోనే అందుబాటులో ఉండేది. పురాణం ఆదర్శ పురుషుని గుణాన్ని చెప్పింది. వ్యవహారకాండ సామాన్యుల తగవును తీర్చింది. ఈ రెండింటి ప్రయోజనాలు వేరు. బలి త్యాగాన్ని మెచ్చుకున్న సమాజమే, కొట్టి రాయించుకున్న పత్రం చెల్లదని కూడా చెప్పడంలో వైరుధ్యం లేదు.

4. 1872 చట్టం: నిర్వచనంలోని బిగువు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం పదవ సెక్షన్ ప్రకారం ఒప్పందానికి స్వేచ్ఛా సమ్మతి ఉండాలి. పదిహేనవ సెక్షన్ బలప్రయోగాన్ని నిర్వచించింది. ఒక వ్యక్తిని ఒప్పందానికి లొంగదీసే ఉద్దేశంతో, భారత శిక్షాస్మృతి నిషేధించిన పనిని చేయడంగాని, చేస్తానని బెదిరించడంగాని, ఎవరికైనా హాని కలిగేలా ఆస్తిని చట్టవిరుద్ధంగా నిలిపి ఉంచడంగాని, నిలిపి ఉంచుతానని బెదిరించడంగాని బలప్రయోగం అవుతుంది.

ఈ నిర్వచనంలో మూడు విషయాలు గమనించాలి. ఒకటి, ఇది బాధితుని భయాన్ని కొలవదు. బెదిరించిన పని ఎటువంటిదో కొలుస్తుంది. ఈ విషయంలో ఇది మనువు చూపుకు దగ్గరగా ఉంది. రెండు, బెదిరించినవాడు ఒప్పందంలో పక్షంగా ఉండనవసరం లేదు; బెదిరింపు ఎవరి నుంచి వచ్చినా, ఎవరికి హాని కలిగించేదైనా సరిపోతుంది. మూడు, బలప్రయోగమనిపించుకోవడానికి ఒత్తిడికి ఒక చట్టవిరుద్ధత ఉండాలి. బాకీ తీర్చకపోతే కోర్టుకు వెళతానని అప్పిచ్చినవాడు చెప్పడం భయం కలిగిస్తుంది గాని బలప్రయోగం కాదు. దావా వేయడం అతని హక్కు. లేని నేరాన్ని అంటగట్టి తప్పుడు కేసు పెడతాననడం మాత్రం బలప్రయోగమే.

ఈ మూడవ అంశానికి ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక ఉదాహరణ ఉంది. 1961 నాటి రాష్ట్ర చెరకు చట్టం ప్రకారం రైతు చెరకు అమ్మడానికి ముందుకు వస్తే, నిర్ణీత ప్రాంతంలోని కర్మాగారం ఒప్పందం చేసుకొని తీరాలి. బలవంతపు ఒప్పందంలో స్వేచ్ఛా సమ్మతి ఎక్కడిదని ఆంధ్రా షుగర్స్ కేసులో వాదన వచ్చింది. చట్టం విధించిన నిర్బంధం పదిహేనవ సెక్షన్ చెప్పే బలప్రయోగం కిందికి రాదని 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. ఒత్తిడి ఉన్నంత మాత్రాన మాట చెల్లకుండా పోదని, అది ఏ రకం ఒత్తిడి అన్నదే ప్రశ్న అని ఈ తీర్పు స్పష్టం చేసింది.

ఫలితం విషయంలో మాత్రం 1872 చట్టం మనువుతో విభేదించింది. బలవంతపు వ్యవహారం చేయనిదానితో సమానమని మనువు అంటే, అది బాధితుడు కోరితే రద్దు చేయదగినదని చట్టంలోని పంతొమ్మిదవ సెక్షన్ అన్నది. బాధితుడు ఇష్టపడితే ఆ ఒప్పందాన్నే అమలు చేయించుకోవచ్చు. ఈ తేడా చిన్నది కాదు. మాట మొదటి నుంచీ లేనట్లే అయితే, దాన్ని తరువాత నిలబెట్టుకునే స్వేచ్ఛ బాధితునికి ఉండదు. రద్దు చేసే అధికారాన్ని అతని చేతికి ఇస్తే, ఎవరి సంకల్పాన్ని దోచారో ఆ సంకల్పాన్నే తిరిగి అతనికి అప్పగించినట్లవుతుంది. ఒత్తిడి తొలగిన తరువాత తెలిసి తెలిసి ఆ ఒప్పందం ప్రకారమే నడచుకున్నవాడు, పాత మాటకు కొత్తగా ప్రాణం పోసినవాడవుతాడు. అందువల్ల ఒత్తిడి ఎప్పుడు తొలగింది, ఆ తరువాత ఎంతకాలం ఊరుకున్నాడు, ఈలోగా లాభం పొందాడా అన్నవి ఇటువంటి తగవులలో అడగవలసిన ప్రశ్నలు.

5. శవం ముందు తీసుకున్న సమ్మతి: 1889

ఈ నియమాలు మనుషుల జీవితాలలో ఎలా పనిచేశాయో మద్రాసు హైకోర్టు 1889లో తీర్పు ఇచ్చిన రంగనాయకమ్మ వర్సెస్ ఆళ్వార్ శెట్టి కేసు చూపుతుంది. భర్త మరణించాడు. భార్య వయసు 13 సంవత్సరాలు. ఒక బాలుణ్ణి ఆమె భర్తకు దత్తుడిగా స్వీకరించాలని బంధువులు పట్టుబట్టారు. ఆమె ఒప్పుకొనేదాకా శవాన్ని దహనానికి తీసుకుపోనివ్వలేదు. ఆమె ఒప్పుకుంది.

ఆ ఒత్తిడి బరువు తెలియాలంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. దక్షిణాది సంప్రదాయంలో భర్త అనుమతి లేకపోయినా సపిండుల సమ్మతితో వితంతువు దత్తత చేసుకోవచ్చునని 1868లోనే ప్రీవీ కౌన్సిల్ రామనాథపురం కేసులో అంగీకరించింది. దత్తత జరిగితే భర్త ఆస్తికి దత్తుడు వారసుడవుతాడు. అప్పటిదాకా ఆమె చేతిలో ఉండవలసిన ఆస్తి చేతులు మారుతుంది. రెండవ సంగతి, శవం ఇంటిలో ఉండగా గడిచే ప్రతి గడియా ఆ ఇంటివారికి భరించరానిది. బంధువులు ఆమె మీద చేయి చేసుకోనవసరం లేదు. కాలమే వారి పక్షాన పనిచేసింది.

ఈ దత్తత ఆమెను బంధించదని కోర్టు తీర్పు చెప్పింది. శవాన్ని దహనానికి తీసుకుపోకుండా అడ్డుకోవడం శిక్షాస్మృతి 297వ సెక్షన్ కిందికి వచ్చే పని కనుక, ఆమె సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినది కాదు. యాజ్ఞవల్క్యుని రెండు శ్లోకాలూ ఇక్కడ ఒకే మనిషికి వర్తిస్తాయి: ఆమె బాల, ఆపదలో ఉన్నది, భయపడినది, బంధువులు బలం వాడారు. అందుకే ఈ కేసు నైతికంగా పెద్దగా సందిగ్ధమైనది కాదు. సందిగ్ధత ఉన్నది తరువాత వచ్చిన కేసులో.

6. చనిపోతానన్న భర్త: 1917

చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ కేసులో మద్రాసు హైకోర్టు 1917లో తీర్పు చెప్పింది. చిక్కం అన్నది కోస్తా తెలుగు ప్రాంతాలలో నేటికీ వినిపించే ఇంటిపేరు. కొన్ని ఆస్తులు తమవని భార్య, కొడుకు భావిస్తున్నారు. ఆ ఆస్తుల మీద హక్కు వదులుకుంటూ తన సోదరుని పేర విడుదల దస్తావేజు రాయాలని భర్త కోరాడు. రాయకపోతే ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించాడు. వాళ్లు రాశారు. ఆ దస్తావేజు చెల్లుతుందా అన్నది ప్రశ్న.

ఇక్కడ మూడు కోణాలున్నాయి. బెదిరించినవాడు భర్త, మాట ఇచ్చినవారు భార్యాకొడుకులు, లాభం పొందినవాడు భర్త సోదరుడు. బెదిరించినవాడు తనకు తాను హాని చేసుకుంటానన్నాడు తప్ప ఎదుటివారిని ఏమీ చేస్తాననలేదు. ఈ రెండు విశేషాలూ కేసును చిక్కుముడిగా మార్చాయి.

ప్రధాన న్యాయమూర్తి వాలిస్, న్యాయమూర్తి శేషగిరి అయ్యర్ ఇది బలప్రయోగమేనన్నారు. వారి తర్కం ఇది. ఆత్మహత్యకు పాల్పడితే శిక్షాస్మృతిలో శిక్ష లేదు. కాని ఆత్మహత్యాయత్నం నేరం, ఆత్మహత్యకు ప్రేరేపించడం నేరం. ప్రయత్నించడమూ ప్రేరేపించడమూ నేరమైన పనిని చట్టం నిషేధించలేదనడం కుదరదు. పని పూర్తయితే శిక్ష లేకపోవడానికి కారణం ఆ పనిని చట్టం ఆమోదించడం కాదు; చేసినవాడు కోర్టుల పరిధి దాటి పోవడం. ఆ మరణం వల్ల భార్యకూ కొడుకుకూ హాని కలుగుతుంది. కాబట్టి దస్తావేజు రద్దు చేయదగినది.

న్యాయమూర్తి ఓల్డ్‌ఫీల్డ్ విభేదించారు. సెక్షన్‌ను బిగువుగా అన్వయించాలనీ, శిక్షాస్మృతి శిక్ష విధించని పనిని అది నిషేధించినట్లు చెప్పలేమనీ ఆయన అభిప్రాయం. ఇది కేవలం మాటల పట్టింపు కాదు. కుటుంబంలో కన్నీళ్లు, అలకలు, చచ్చిపోతానన్న మాటలు తరచుగా వినపడేవే. వాటన్నిటినీ బలప్రయోగమంటే ఇంటిలో జరిగిన ఏ పంపకం నిలుస్తుందన్న భయం ఆ వాదన వెనుక చదవవచ్చు.

అయినా ఆత్మహింసను ఆయుధంగా వాడడం ఈ దేశపు చట్టానికి తెలియనిది కాదు. 1860లో శిక్షాస్మృతి రూపొందినప్పుడే, ఎదుటివాడు దైవాగ్రహానికి గురవుతాడని నమ్మించి పని చేయించుకోవడాన్ని 508వ సెక్షన్ నేరంగా పేర్కొంది. దానికి ఇచ్చిన దృష్టాంతాలలో ఒకటి ఎదుటివాని గుమ్మం ముందు ధర్నా కూర్చోవడం. మరొకటి, చెప్పిన పని చేయకపోతే తన బిడ్డనే చంపుకుంటానని బెదిరించడం. తన మీదికో తన వారి మీదికో తెచ్చుకున్న హాని ఎదుటివాని మెడకు ఉరి కాగలదని చట్టం రాసినవారికి తెలుసు. చిక్కం కుటుంబంలో దైవాగ్రహపు భయానికి బదులు వైధవ్యపు భయం, తండ్రిని పోగొట్టుకునే భయం ఉన్నాయి.

కైకేయి బెదిరింపుతో ఈ కేసును పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. రెండు చోట్లా బెదిరించింది జీవిత భాగస్వామే, ఆయుధమూ ఒక్కటే. కాని దశరథుడు ఆ బెదిరింపుకు ముందే బాకీ పడి ఉన్నాడు. శేషమ్మ ఎవరికీ బాకీ లేదు. ఆమె సంతకానికి బెదిరింపు తప్ప వేరే మూలం లేదు.

ఇక సోదరుని సంగతి. అతడే బెదిరించకపోతే అతని హక్కు ఎందుకు పోవాలి? దొంగకు తన తప్పు నుంచి లాభం రాకూడదన్న సూత్రం అతనికి నేరుగా వర్తించదు. అయినా అతడు కోరుతున్న హక్కుకు ఆ సంతకం తప్ప ఆధారం లేదు. ఆ సంతకానికి బెదిరింపు తప్ప ఆధారం లేదు. ఇతరుని తప్పు తనదాకా తెచ్చిన సొమ్మును అది ఎలా వచ్చిందో తెలిసిన తరువాత కూడా అట్టిపెట్టుకోవడం, ఆ తప్పులో భాగం పంచుకోవడమే. విడుదల పత్రాన్ని నమ్మి అతడు నిజంగా నష్టపోయి ఉంటే ఆ నష్టానికి పరిహారం గురించి మాట్లాడవచ్చు. ఆస్తి మీద హక్కు గురించి కాదు.

7. నేటి స్థితి

1917 నాటి తీర్పు నిలబడిన నేల ఇప్పుడు కొంత కదిలింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్ష నుంచి రక్షణ కల్పించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. ప్రేరేపించడం మాత్రం నేరంగానే కొనసాగుతోంది. వాలిస్ తర్కానికి ఉన్న రెండు ఆధారాలలో ఒకటి పోయి ఒకటి మిగిలింది. ఓల్డ్‌ఫీల్డ్ లేవనెత్తిన అభ్యంతరానికి కొత్తగా బలం వచ్చిందని ఎవరైనా వాదించవచ్చు.

దీనికి అనుచిత ప్రభావం గురించి చెప్పే పదహారవ సెక్షన్ పరిష్కారమని తోస్తుంది. కాని అందులో ఒక ఇబ్బంది ఉంది. ఆ సెక్షన్ ఒప్పందంలోని ఒక పక్షం మరొక పక్షం సంకల్పాన్ని శాసించగల స్థితిలో ఉండడాన్ని చెబుతుంది. చిక్కం కుటుంబంలో శాసించిన భర్త వేరు, లాభం పొందిన సోదరుడు వేరు. బెదిరింపు ఎవరి నుంచి వచ్చినా వర్తించే పదిహేనవ సెక్షన్ అందుకే అక్కడ అవసరమైంది.

అయితే కొత్త సంహితలోనే దీనికి ఒక సూచన దొరుకుతుంది. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో నిర్బంధించడానికో అడ్డుకోవడానికో ఆత్మహత్యాయత్నం చేయడం 226వ సెక్షన్ కింద నేరం. బాధతో ప్రాణం తీసుకోబోయినవానిపై దయ చూపిన శాసనం, తన ప్రాణాన్ని ఎదుటివాని చేయి మెలిపెట్టడానికి వాడినవానిని మాత్రం వేరుగా చూసింది. ఆత్మహత్యాయత్నానికి శిక్ష ఉండాలా అన్న ప్రశ్న, ఆత్మహత్య బెదిరింపుతో పుట్టిన హక్కును గుర్తించాలా అన్న ప్రశ్న వేరువేరని ఇది తెలుపుతుంది. మొదటి ప్రశ్నకు వద్దని చెప్పినవారు రెండవ ప్రశ్నకు కూడా వద్దనే చెప్పవచ్చు. శిక్షాస్మృతి నిషేధానికి ముడిపెట్టడం వల్లనే పదిహేనవ సెక్షన్‌లో ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోయాయి.

8. ముగింపు

ఒత్తిడిలో ఇచ్చిన మాట బంధిస్తుందా అన్న ప్రశ్నకు స్మృతుల నుంచీ తీర్పుల నుంచీ తేలే సమాధానం ఇది. మాట పుట్టకముందే బాధ్యత ఉంటే, ఒత్తిడి ఆ బాధ్యతను తుడిచివేయదు. అవసరమే ఒత్తిడి అయినప్పుడు, ఎదుటివాడు ఆ అవసరాన్ని సృష్టించకుండా తన హక్కు మేరకు నడచుకుంటే, మాట నిలుస్తుంది. మాటకు బెదిరింపు తప్ప వేరే మూలం లేనప్పుడు దాని మీద ఎవరూ హక్కు కట్టుకోలేరు. బెదిరించినవాడూ, బెదిరింపు ఫలాన్ని అందుకున్నవాడూ కూడా. ఆ మాటను తరువాత నిలబెట్టుకోవాలా వద్దా అన్నది ఇచ్చినవారి ఇష్టానికే మిగులుతుంది.

ఇందువల్ల వాగ్దానం విలువ తగ్గదు. దొంగకు వేసిన ఒట్టునూ బలి చేసిన దానాన్నీ ఒకే త్రాసులో తూచినప్పుడే ఆ విలువ తగ్గుతుంది. దహనానికి నోచుకోని భర్త శవం పక్కన కూర్చున్న 13 ఏళ్ల పిల్ల ‘సరే’ అన్నప్పుడు, ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చింది గాని ఆమెది కాదు. 1889లో కోర్టు గుర్తించినది ఆ భేదాన్నే.